ట్రైనింగ్ వీడియో స్క్రిప్ట్: ఎడమ కాలమ్‌లో ఏం రాయాలి, కుడి కాలమ్‌లో ఏం రాయాలి

ప్రశ్న: విజయవాడలో ఒక చిన్న వీడియో ప్రొడక్షన్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఇంతకుముందు పేపర్‌కి ఫీచర్లు రాసేదాన్ని. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ సేఫ్టీ ట్రైనింగ్ వీడియోకి రెండు కాలమ్‌ల ఏవీ స్క్రిప్ట్ రాయమన్నారు. ఏ కాలమ్‌లో ఏం రాయాలి? స్క్రీన్ మీద పడే అక్షరాలు వీడియోలోకా, ఆడియోలోకా? షాట్లు ఎంత వివరంగా రాయాలి?

జవాబు:

కంటికి కనబడేదంతా ఎడమ పక్క, చెవికి వినబడేదంతా కుడి పక్క. స్క్రీన్ మీద పడే అక్షరాలను చూస్తామే గానీ వినం కాబట్టి అవి ఎడమ పక్కకే వెళ్తాయి. బొమ్మ మారిన ప్రతిసారీ కొత్త వరస మొదలుపెట్టండి. రాసేటప్పుడు మాత్రం ఎడమ కాలమ్ ముందు రాయండి. పేపర్ నుంచి వచ్చానన్నారు కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను. మీ చెయ్యి ముందు కుడి కాలమ్ మీదకే పోతుంది. నాదీ మొదట్లో అలాగే పోయేది.

పదమూడేళ్లుగా విజయవాడ, గుంటూరు మధ్య తిరుగుతూ ఇదే పని చేస్తున్నాను. ఆసుపత్రులు, స్పిన్నింగ్ మిల్లులు, ఆటోనగర్ షెడ్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ట్రైనింగ్ వీడియోలు రాశాను. ఇలా రెండుగా ఎందుకు విడదీస్తామో తెలిస్తే ఏది ఎటు రాయాలన్న అనుమానాలు చాలావరకు తీరిపోతాయి. ఒకే కాగితాన్ని వేర్వేరు మనుషులు వేర్వేరు పనులకు చదువుతారు. కెమెరామన్ ఎడమ పక్క చూసి షాట్లు లెక్కేసుకుంటాడు. డబ్బింగ్ గదిలో కూర్చున్న గొంతు మనిషికి ఎడమ పక్కతో పనే లేదు, కుడి పక్క ఉన్నది చదివేస్తాడు. గ్రాఫిక్స్ చేసే అమ్మాయి ఎడమ పక్కలో "అక్షరాలు:" అని ఉన్న ముక్కలన్నీ ఏరుకుంటుంది. రెండూ కలిపి చదివేది ఎడిటర్ ఒక్కడే.

నా రెండో స్క్రిప్టులోనో మూడో స్క్రిప్టులోనో స్క్రీన్ మీద పడాల్సిన హెచ్చరికను కుడి కాలమ్‌లో బ్రాకెట్లో రాశాను. గొంతు ఇచ్చినాయన దాన్ని కూడా గంభీరంగా చదివేశాడు. "టెక్స్ట్: చేతి తొడుగులు తప్పనిసరి" అని, "టెక్స్ట్" అన్న మాటతో సహా! రికార్డింగ్ అయిపోయి ఆయన హైదరాబాద్ బస్సెక్కాక గానీ మేం వినలేదు. ఆయన తప్పేం లేదు. తప్పు కాలమ్‌లో రాసింది నేను.

ఇక కాలమ్‌లలోకి వద్దాం. ఎడమ పక్క మనిషి ఎవరు, ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, ఎంత దగ్గర నుంచి చూపిస్తున్నాం అన్నవి రాస్తాం. బాణాలు, బొమ్మలు, స్క్రీన్ రికార్డింగ్, అక్షరాలు కూడా అక్కడే. కుడి పక్క నేరేషన్, కెమెరా ముందు మనిషి మాట్లాడే మాట, చప్పుళ్లు, సంగీతం. వీటితోపాటు చాలామంది మర్చిపోయేది ఒకటుంది, అది మౌనం. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడకూడదంటే ఆ సంగతీ కుడి పక్క రాయాలి. ఖాళీగా వదిలేస్తే ఎడిటర్ అక్కడ మ్యూజిక్ పెంచుతాడు, లేదంటే క్లయింట్ ఫోన్ చేసి "ఇక్కడ ఏదో మిస్సయింది" అంటాడు.

ఒక కేసు చూపిస్తే సులభంగా ఉంటుంది. గుంటూరు ఊరి బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. అక్కడ చల్లదనానికి అమ్మోనియా వాడతారు. గ్యాస్ లీకైతే హమాలీలు ఏం చేయాలో మూడు నిమిషాల వీడియో కావాలన్నారు. మేనేజర్ గారు రెండు పేజీల నోట్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు రాసుకొచ్చిన మొదటి డ్రాఫ్టులో ఒక వరస ఇది:

| వీడియో | ఆడియో |
|---|---|
| కోల్డ్ స్టోరేజీ విజువల్స్. సిబ్బంది బయటకు వెళ్తుంటారు. | అమ్మోనియా లీకైనట్లు గుర్తించిన వెంటనే సిబ్బంది భయాందోళనలకు గురికాకుండా, తడి వస్త్రంతో ముక్కును కప్పుకొని, గాలి వీచే దిశకు అడ్డంగా సురక్షిత ప్రాంతానికి చేరుకొని, సూపర్‌వైజర్‌కు హాజరు తెలియజేయవలెను. |

కుడి కాలమ్ నిండుగా ఉంది. ఎడమ పక్క మాత్రం "విజువల్స్". ఈ మాట స్క్రిప్టులో కనబడితే రచయిత అక్కడ ఆలోచించడం ఆపేశాడని నేను అనుకుంటాను. షూటింగ్ రోజు కెమెరామన్ ఏం తీస్తాడు? గేటు, బోర్డు, టిక్కీలనే మిర్చి బస్తాల వరసలు, నడుస్తున్న నలుగురు మనుషులు. ఎడిట్‌లో ఇరవై సెకన్ల నేరేషన్ కింద ఆ నాలుగు ముక్కలూ తిప్పితిప్పి వేస్తారు. చూసిన హమాలీకి "గాలికి అడ్డంగా" అంటే ఎటు పోవాలో తెలియదు. అది చూపించాల్సిన విషయం, చెప్పి ఒప్పించేది కాదు.

ఆ కుర్రాడిని కుడి కాలమ్ మొత్తం కొట్టేయమన్నాను. "ఇప్పుడు చెవిటి మనిషికి నేర్పుతున్నావనుకుని ఎడమ పక్క రాయి" అన్నాను. రెండు రోజులు కుస్తీ పట్టాక ఆ ఒక్క వరస ఐదు వరసలైంది:

| సంఖ్య | వీడియో | ఆడియో |
|---|---|---|
| 5 | వైడ్. చాంబర్ బయట ప్లాట్‌ఫాం. హమాలీ భుజం మీద టిక్కీతో వస్తూ ఆగుతాడు. ముఖం చిట్లిస్తాడు. టిక్కీ దించేస్తాడు. | నేరేషన్ లేదు. టిక్కీ నేలకు తగిలిన చప్పుడు. దగ్గు. |
| 6 | క్లోజప్. నీళ్ల బకెట్లో తువ్వాలు ముంచిన చెయ్యి. తువ్వాలు ముక్కూ నోరూ మూసేలా పెట్టుకుంటాడు. | నేరేటర్: ఘాటు వాసన తగిలిందా? టిక్కీ అక్కడే వదిలేయండి. తువ్వాలు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకోండి. |
| 7 | హమాలీ తల పైకెత్తుతాడు. అతను చూసేది విడి షాట్: కప్పు మీద గాలి దిశ చూపే గాలి సంచి. సంచి తోక ఫ్రేములో ఎడమకు. | నేరేటర్: పైకి చూడండి. సంచి తోక ఎటుంటే గ్యాస్ అటు పోతోంది. |
| 8 | డాబా మీద నుంచి యార్డు. ఎర్ర బాణం మెషిన్ రూమ్ నుంచి ఎడమకు. తర్వాత పచ్చ బాణం దానికి అడ్డంగా కిందికి, గేటు దాకా. హమాలీ పచ్చ బాణం వెంట నడుస్తాడు. అక్షరాలు: కాటా గేటు | నేరేటర్: అటు పోవద్దు. (2 సెకన్లు మౌనం) దానికి అడ్డంగా, కాటా గేటు వైపు నడవండి. |
| 9 | కాటా గేటు బయట. సూపర్‌వైజర్ వేలితో మనుషుల్ని లెక్కపెడతాడు. వేలు ఆగుతుంది. | సూపర్‌వైజర్ (కెమెరాలో): పదకొండు... పన్నెండు. రాముడేడీ? |

ఇందులో ఒక్కో వరస దగ్గర ఆగి చూడండి.

ఐదో వరసలో నేరేషన్ లేదు. మేనేజర్ గారు మొదట ఒప్పుకోలేదు, "డబ్బులిచ్చేది చెప్పడానికే కదండీ" అన్నారు. కానీ దగ్గు విన్నప్పుడు జనం తలెత్తి చూస్తారు. "భయాందోళనలకు గురికాకుండా" అన్న మాట ఎక్కడా లేదు, గమనించారా? భయపడొద్దని చెప్పడం కంటే ఎనిమిదో వరసలో మనిషి పరుగెత్తకుండా నడుస్తున్నట్టు రాయడం మేలు. ఆ "నడుస్తాడు" అన్న క్రియ ఎడమ కాలమ్‌లో లేకపోతే షూటింగ్‌లో కుర్రాళ్లు పరుగెత్తేస్తారు, అది సహజం.

ఏడు, ఎనిమిది వరసల్లో "ఎడమకు" అని రెండుసార్లు ఉంది. షాట్లు ఎంత వివరంగా రాయాలన్న మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఏ వివరం మారితే పాఠం తప్పైపోతుందో ఆ వివరం రాయండి, మిగతాది కెమెరామన్‌కు వదిలేయండి. సంచి తోక ఏడో వరసలో కుడికి ఉండి, ఎనిమిదో వరసలో ఎర్ర బాణం ఎడమకు పోతే మనం నేర్పింది తలకిందులవుతుంది. అందుకే అది రాశాం. లెన్స్ ఏది, లైటు ఎటు నుంచి, చొక్కా ఏ రంగు అన్నవి రాయలేదు. చొక్కా రంగు పాఠంలో భాగమైతే, అంటే రిఫ్లెక్టర్ జాకెట్ లాంటిదైతే, అప్పుడు రాస్తాను. "అందమైన షాట్", "డైనమిక్ యాంగిల్" లాంటివి ఎవరికీ ఉపయోగపడవు.

విడివిడి వరసలు రాయడం వల్ల షూటింగ్ రోజు మరో లాభం కలిగింది. ఆ రోజు ఆకు కూడా కదలలేదు. గాలి సంచి గుడ్డపేలికలా వేలాడుతోంది. ఏడో వరసలో సంచి చూపించేది మనిషికి సంబంధం లేని ముక్క కాబట్టి అది వదిలేసి మిగతావి తీసేసుకున్నాం. నాలుగు రోజుల తర్వాత సాయంత్రం కెమెరామన్ ఒక్కడే బండి మీద వెళ్లి సంచిని తీసుకొచ్చాడు. పాత డ్రాఫ్టులోలాగా అన్నీ ఒకే వరసలో కలిపి ఉంటే ఏది వాయిదా వేయొచ్చో, ఏది వేయకూడదో ఎవరికీ తెలిసేది కాదు.

ఎనిమిదో వరసలో "కాటా గేటు" అన్నది మొదట "గేటు 2". మేనేజర్ గారి నోట్‌లో అలాగే ఉంది. షూటింగ్‌కు ముందు నటించబోయే హమాలీకి ఎడమ కాలమ్ చదివి వినిపించాను. "రెండో గేటంటే ఏది సార్, కాటా గేటా?" అన్నాడు. లారీలు తూకం వేసే కాటా ఆ గేటు పక్కనే ఉంది. అక్కడ పనిచేసే వాళ్లెవరూ దాన్ని నంబరుతో పిలవరు, గేటు మీద నంబరూ లేదు. ఎడమ పక్క అక్షరాల్లో, కుడి పక్క నేరేషన్‌లో రెండు చోట్లా మార్చాం. ఇలాంటి పేర్లు రెండు కాలమ్‌లలో ఒక్కలా ఉన్నాయో లేదో చివర్లో ఒకసారి వెతికి చూసుకోండి. ఒక పక్క మార్చి రెండో పక్క మర్చిపోవడం నాకు ఇప్పటికీ జరుగుతుంటుంది.

ఇప్పుడు అక్షరాల సంగతి. ఎడమ పక్కే రాయాలని చెప్పాను గానీ, ఎంత రాయాలన్నది అసలు చిక్కు. నేరేటర్ చెప్పే వాక్యాన్నే మొత్తం స్క్రీన్ మీద వేయమని క్లయింట్లు అడుగుతారు. వద్దని చెప్పండి. మనిషి చదివే వేగం వేరు, వినే వేగం వేరు. రెండూ ఒకేసారి నడిస్తే బొమ్మ చూసేందుకు కళ్లు మిగలవు. అమెరికాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇలాంటి ప్రయోగాలే చేశారు. బొమ్మతోపాటు మాట వినిపిస్తున్నప్పుడు అదే మాటను మళ్లీ అక్షరాల్లో వేస్తే నేర్చుకోవడం తగ్గుతుందని ఆయన అంటారు. వస్తువు పక్కనే ఒకటి రెండు మాటలు వేస్తే మాత్రం ఇబ్బంది లేదు. "కాటా గేటు" అలాంటిదే. అందుకే నేను అంకెలు, పేర్లు, గుర్తులు మాత్రమే అక్షరాల్లో వేస్తాను.

అదే వీడియోలో తర్వాత కళ్లు కడుక్కునే వరస ఒకటుంది. నోట్‌లో "కనీసం 15 నిమిషాల పాటు" అని ఉంది. ఎడమ పక్క "అక్షరాలు: 15 నిమిషాలు" అని అంకెల్లో రాశాం, కుడి పక్క "పదిహేను నిమిషాలు కడుగుతూనే ఉండండి" అని మాటల్లో రాశాం. కుడి కాలమ్‌లో అంకెలు, పొట్టి అక్షరాలు ఎప్పుడూ పలికేలాగే రాయండి. పైపు మీద ఉన్న `NH3` ఎడమ పక్క ఉన్నదున్నట్టు రాయాలి, కుడి పక్క "అమ్మోనియా" అని రాయాలి. అలా చేయకపోతే గొంతు మనిషి "ఎన్ హెచ్ త్రీ" అంటాడు, హమాలీకి అదేంటో తెలియదు.

సబ్‌టైటిల్స్ వేరు. క్యాంటీన్లో గోలలో చూస్తారనో, వినికిడి సమస్య ఉన్నవాళ్లు ఉన్నారనో కావాలంటే తప్పకుండా ఇవ్వండి. కానీ వాటిని ఎడమ కాలమ్‌లో రాయకండి. అవి ఎడిట్ అయ్యాక కుడి కాలమ్ నుంచి విడి ఫైలుగా తయారవుతాయి.

టైము లెక్క గురించి మీరు అడగలేదు గానీ రేపు మీ బాస్ అడుగుతాడు. ఇంగ్లిష్ స్క్రిప్టులకు నిమిషానికి 140 మాటలో 150 మాటలో అని లెక్క కడతారు. దాన్ని తెలుగుకు వాడితే వీడియో పొడుగైపోతుంది, ఎందుకంటే మన మాటలు పొడుగు. "పెట్టుకోవలసి వస్తుంది" అన్నది మనకు రెండు మాటలే, పలికి చూడండి ఎంతసేపు పడుతుందో. ట్రైనింగ్ వీడియోకు నేను నిమిషానికి తొంభై, వంద మాటలకు మించనివ్వను. నమ్మదగిన కొలత మాత్రం ఒక్కటే, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవడం. మనసులో చదివితే లెక్కకు రాదు.

వరసలో మాటకు పట్టే టైము, పనికి పట్టే టైము రెండూ చూడాలి. ఎనిమిదో వరసలో మాటలు నాలుగైదు సెకన్లలో అయిపోతాయి. రెండు బాణాలు గీసి, మనిషి నడక చూపించడానికి ఏడెనిమిది సెకన్లు కావాలి. అందుకే మధ్యలో రెండు సెకన్ల మౌనం పెట్టాం, ఆ టైములో కన్ను ఎర్ర బాణం వెంట పోతుంది. చివర్లో మిగిలిన సెకను నడకకు వదిలేశాం. దీనికి ఎదురు కేసు కూడా వస్తుంది. ఎడమ పక్క ఒక లైను, కుడి పక్క ఏడు లైన్లు కనబడితే ఆ వరసలో బొమ్మ సరిపోదు. ఇంకో షాట్ కావాలి, లేదా మాటలు తగ్గాలి. ప్రింట్ తీసి దూరం నుంచి చూసినా ఇది తెలిసిపోతుంది.

తొమ్మిదో వరసలో సూపర్‌వైజర్ కెమెరాలోనే మాట్లాడతాడు. పేరు పక్కన "కెమెరాలో" అని రాయడం అలవాటు చేసుకోండి, లేకపోతే అది డబ్బింగ్‌లో చెప్పేదా, స్పాట్‌లో రికార్డు చేసేదా అని గొడవ. ఒక జాగ్రత్త. ఆ వీడియోకు తర్వాత హిందీ, ఒడియా వెర్షన్లు కూడా కావాలంటారని ముందే తెలిస్తే కెమెరాలో మాటలు వీలైనంత తగ్గించండి. పెదాలు కదలని చోట ఏ భాషైనా సరిపోతుంది. ఆ కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఆరు నెలల తర్వాత హిందీ అడిగారు. నేరేషన్ మార్చడానికి ఒక పూట పట్టింది, సూపర్‌వైజర్ పెదాలతో ఇంకో రోజు పట్టింది.

మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ వీడియోలూ వస్తుంటే అక్కడ కూడా పద్ధతి ఇదే. బటన్ పేరు ఎడమ పక్క స్క్రీన్ మీద ఉన్నదున్నట్టు, `Save` అయితే `Save` అని రాయండి. `Submit` ఉన్నచోట "ఓకే నొక్కుతాడు" అని రాస్తే రికార్డింగ్ చేసేవాడు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

ఎడమ వీడియో, కుడి ఆడియో అన్నదే ఎక్కువమంది పాటించే పద్ధతి. కొన్ని ఆఫీసుల్లో తిరగేసి రాస్తారు, మీ వాళ్లది ఏదో అడిగి అదే పాటించండి. వర్డ్‌లో చేసేటప్పుడు `Layout` కింద ఉండే `Columns` జోలికి మాత్రం పోవద్దు. అది పేపర్ పేజీ కోసం. పేపర్లో పనిచేసినవాళ్లు ముందు దాన్నే నొక్కుతారు. ఒక పక్క ఒక లైను పెరిగితే రెండో పక్కతో జత తప్పిపోతుంది. టేబుల్ వేయండి. టేబుల్ ప్రాపర్టీస్‌లో `Row` దగ్గర `Allow row to break across pages` టిక్ తీసేయండి, మొదటి వరసకు `Repeat as header row at the top of each page` పెట్టండి. వరస సంఖ్యలు తప్పనిసరి. డబ్బింగ్ గదిలో "ఏడు మళ్లీ చెప్పండి" అంటే చాలు, పని నడుస్తుంది. స్క్రిప్ట్ ఓకే అయ్యాక మధ్యలో కొత్త వరస వస్తే సంఖ్యలు జరపకండి, 7అ అని పెట్టండి. కెమెరామన్ చేతిలో పాత ప్రింటే ఉంటుంది.

క్లయింట్‌కు పంపేటప్పుడు ఒక తలనొప్పి ఉంది. వాళ్లు ఫోన్లో వాట్సాప్‌లో తెరుస్తారు. టేబుల్ చిన్నగా కనబడుతుంది, కుడి కాలమ్ మాత్రం జూమ్ చేసి చదివి "సూపర్ అండీ, గో అహెడ్" అంటారు. షూటింగ్ అయ్యాక "మా వాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలి కదా" అంటారు. అందుకే నేను ప్రింట్ తీసుకుని వెళ్లి, ఎదురుగా కూర్చుని ఎడమ కాలమ్ ఒక్కటే వరస వరసా చదివి వినిపిస్తాను, వరసకో టిక్ పెట్టించుకుంటాను. కుడి కాలమ్ వాళ్లంతట వాళ్లే చదువుకుంటారు.